40 నిమిషాల పీరియడ్, ఒక తీసివేత లెక్క: ధ్యాస నిలవని పిల్లల కోసం పాఠాన్ని అమర్చడం

మూడో తరగతికి తీసివేత చెబుతున్నాను. బోర్డు మీద 52 – 27 రాసి, 2 లోంచి 7 పోదు కాబట్టి పదుల స్థానం నుంచి ఒక పది అప్పు తెచ్చుకోవాలని చెప్పి, ఇంకో ఆరు లెక్కలు రాసి నోట్సులో చేయమన్నాను. మూడో బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి మొదటి లెక్కకు 25 అని సరిగ్గా రాశాడు. రెండోది ఎక్కించుకోవడంలోనే తప్పింది, 81 – 34 కాస్తా 84 – 31 అయింది. మూడోది సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత పేజీ ఖాళీ. అప్పటికి వాడి పెన్సిల్ మాత్రం రెండుసార్లు చెక్కడం అయిపోయింది.

మర్నాడు మళ్లీ 52 – 27 ఇస్తే 35 అని రాశాడు. "నిన్న వచ్చింది కదరా, ఇవాళ ఏమైంది?" అని అడిగాను. తల వంచుకుని నిలబడ్డాడు. నిన్న ఎలా వచ్చిందో, ఇవాళ ఎందుకు రాలేదో వాడికీ తెలియదు.

ఇంత నిలకడ లేకపోవడమే ఇలాంటి పిల్లల విషయంలో మనల్ని ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. ఒక రోజు చేయగలిగిన పని మరో రోజు చేయకపోతే అది బద్ధకమో మొండితనమో అనుకుంటాం. కానీ వీళ్లకు ధ్యాస లేకపోవడం కాదు సమస్య. ధ్యాసను కావలసిన చోట, కావలసినంత సేపు పట్టి ఉంచడం కష్టం. నచ్చిన ఆటలో గంట గడిపేసే పిల్లవాడు లెక్కలో మూడు నిమిషాలు నిలవలేకపోవడం ఈ తేడా వల్లే.

ధ్యాస నిలవకపోవడం, అతిగా కదలడం లాంటి లక్షణాలున్న ఈ ఇబ్బందిని వైద్యంలో ఏడీహెచ్‌డీ అంటారు. అలా నిర్ధారించేది డాక్టర్లు, టీచర్లు కాదు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలవ్వాలి, కనీసం 6 నెలలు కొనసాగాలి, ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా కనిపించాలి. ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో దాదాపు 5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. అంటే 35 మంది ఉన్న తరగతిలో ఒకరో ఇద్దరో. నిర్ధారణ దాకా వెళ్లని పిల్లలు, నిద్ర చాలని పిల్లలు, చదవడం రాక చేతులెత్తేసిన పిల్లలు వీళ్లకు అదనం. పాఠాన్ని అమర్చడానికి ఆ సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

పాఠాన్ని చిన్న ముక్కలు చేయండి, మధ్యలో కదిలించండి, బొమ్మల షెడ్యూల్ పెట్టండి అని శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. మూడూ మంచివే. అయితే ఏది ఏ ఇబ్బందికి పనిచేస్తుందో తెలియకుండా వాడితే పాఠం ముక్కలవుతుంది, పిల్లవాడికి ఏమీ ఒరగదు. అందుకే ఈ ఒక్క తీసివేత పాఠాన్నే పట్టుకుని మూడింటినీ విడమరిచి చూద్దాం.

ముక్క అంటే నిమిషాలు కాదు

పిల్లల ఏకాగ్రత వయసుకు రెండింతలో మూడింతలో నిమిషాలు ఉంటుందనీ, పెద్దవాళ్లకైనా 10 నుంచి 15 నిమిషాలకు మించదనీ ఒక లెక్క బాగా ప్రచారంలో ఉంది. దానికి గట్టి ఆధారం లేదు. కాలేజీ ఉపన్యాసాల మీద వచ్చిన పరిశోధనలను 2007లో విల్సన్, కార్న్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు తిరగేసి చూసి, 10–15 నిమిషాల మాటను నిలబెట్టే రుజువు దాదాపు లేదని తేల్చారు. ధ్యాస గడియారం చూసి తగ్గదు. చేస్తున్న పనిని బట్టి తగ్గుతుంది.

52 – 27 చేయడానికి పిల్లవాడు ఏమేమి తలలో పట్టి ఉంచుకోవాలో చూడండి. ముందు ఒకట్ల వైపు చూడాలి. 2 లోంచి 7 పోదని గుర్తించాలి. పదుల స్థానానికి వెళ్లి 5 ని 4 చేయాలి. తిరిగి వచ్చి 2 ని 12 గా చూడాలి. 12 లోంచి 7 తీసి 5 రాయాలి. మళ్లీ పదులకు వెళ్లి, అక్కడున్నది ఇప్పుడు 5 కాదు 4 అని గుర్తుపెట్టుకుని 2 తీయాలి. మనకు ఇది అలవాటైన దారి కాబట్టి ఇన్ని మలుపులున్నాయని తోచదు. పని జరుగుతున్నంత సేపు ఇలాంటి వివరాలను తలలో నిలిపి ఉంచే శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. పెద్దవాళ్లకే అందులో ఒకేసారి నాలుగు సంగతులకు మించి నిలవవని చాలామంది పరిశోధకుల అంచనా. ధ్యాస ఇబ్బంది ఉన్న పిల్లల్లో చాలామందికి ఆ జాగా ఇంకా ఇరుకు. దానికి తోడు బోర్డు మీంచి లెక్క ఎక్కించుకోవాలి. తల ఎత్తి చూసి, దించి రాసి, మళ్లీ ఎత్తి ఎక్కడున్నామో వెతుక్కోవాలి. ఆ మూడో బెంచీ అబ్బాయి 81 – 34 అక్కడే జారవిడిచాడు. తీసివేతలో కాదు.

కాబట్టి ముక్క చేయడం అంటే ఆరు లెక్కలను మూడు మూడుగా ఇవ్వడం కాదు. మూడిచ్చినా ఒక్కో లెక్కలో అన్ని మలుపులూ ఉండనే ఉన్నాయి. ఒక ముక్కలో పిల్లవాడు కొత్తగా తీసుకోవలసిన నిర్ణయం ఒక్కటే ఉండాలి. ముక్క అయ్యేసరికి వాడి పలక మీదో చేతిలోనో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. నేను పెట్టుకున్న కొలత ఇదే. ముక్క పేరును "చూపించు" అనే మాటతో ముగించగలిగితే అది ముక్క. "అర్థం చేసుకోవడం" అని ముగిస్తే అది ఇంకా పాఠమే.

తీసివేతలో విడదీయదగ్గ నిర్ణయం ఒకటి ఉంది. అప్పు కావాలా, వద్దా? మనం ఎప్పుడూ దీన్ని లెక్కతో కలిపేస్తాం. విడిగా పెట్టి చూడండి. 68 – 25, 52 – 27, 87 – 34, 40 – 16 ఇలా ఎనిమిది లెక్కలు ఒక్కొక్కటిగా చూపిస్తూ, చేయొద్దు, అప్పు కావాలంటే పలక మీద టిక్కు, వద్దంటే సున్నా పెట్టమనండి. ఏడు నిమిషాల్లో ప్రతి పిల్లవాడూ ఎనిమిదిసార్లు జవాబిస్తాడు. బోర్డు దగ్గరికి ఒకరిని పిలిచి చేయిస్తే మిగతా 34 మంది ఖాళీ. పలకలన్నీ ఒకేసారి పైకి లేస్తే ఎవరు ఎక్కడ తడబడుతున్నారో ఒక్క చూపులో తెలుస్తుంది.

అతిగా ముక్కలు చేసే ప్రమాదం కూడా ఉంది. ఒక అంకె కొట్టేయడం ఒక ముక్క, 1 పెట్టడం ఇంకో ముక్క అని చేస్తే పిల్లవాడికి తీసివేత కనిపించదు, గీతలే కనిపిస్తాయి. ముక్కలు మొదలయ్యే ముందు మొత్తం లెక్క ఒకసారి, ముక్కలన్నీ అయ్యాక మళ్లీ ఒకసారి మొదటి నుంచి చివరిదాకా జరగాలి.

కదలిక ఎక్కడ, ఎంత

కాళ్లు ఊపే పిల్లవాడిని చూస్తే ముందు కాళ్లు ఆపించాలని మనకు తోస్తుంది. కాళ్లు ఆగితే మనసు నిలుస్తుందని నమ్మకం. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి ఎదురు మాట చెప్పింది. 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలకు వర్కింగ్ మెమరీ పరీక్షలు పెట్టి వాళ్ల కదలికలను గమనించారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు ఎక్కువ కదిలినప్పుడు జవాబులు మెరుగ్గా ఇచ్చారు. ఆ ఇబ్బంది లేని పిల్లల్లో అలా జరగలేదు. చిన్న అధ్యయనమే, దాని మీద కోటలు కట్టకూడదు. కానీ కదలిక వాళ్లకు మెలకువగా ఉండే మార్గం కావచ్చన్న ఆలోచన తరగతిలో చాలా పనికొస్తుంది. కాలు ఊపుతున్నవాడు పలక సరిగ్గా నింపుతుంటే వాడి జోలికి వెళ్లకండి.

విరామానికి కూడా ఆధారాలున్నాయి. అమెరికాలోని నార్త్ కరోలినాలో ప్రాథమిక తరగతుల్లో రోజుకు 10 నిమిషాలు క్లాసులోనే వ్యాయామం చేయించి చూసిన పరిశోధన 2006లో వచ్చింది. ఆ తర్వాత పిల్లలు పని మీద ఉండే సమయం పెరిగింది. మామూలుగా అందరికంటే తక్కువసేపు పని మీద ఉండే పిల్లల్లో ఆ మార్పు ఇంకా ఎక్కువగా కనిపించింది. ఎడమ చేత్తో కుడి మోకాలు తాకితే మెదడు రెండు సగాలూ కలుస్తాయని చెప్పే వ్యాయామాలు కూడా బళ్లలో తిరుగుతున్నాయి. ఆ కారణానికి రుజువు లేదు. పిల్లలు కదిలారు కాబట్టి మేలు జరిగి ఉంటుంది, అంతవరకే.

నా అనుభవంలో విరామం చెడేది చేయించిన వ్యాయామం వల్ల కాదు, అది ముగిసే తీరు వల్ల. మొదట్లో నేను రెండు నిమిషాలు గెంతించి "ఇక కూర్చోండి" అనేదాన్ని. తరగతి సర్దుకోవడానికి ఇంకో నాలుగు నిమిషాలు పట్టేది. అందరికంటే చివర సర్దుకునేది ఎవరి కోసం విరామం పెట్టానో ఆ పిల్లవాడే. పరుగు నుంచి ఒక్కసారిగా నిశ్శబ్దంలోకి దిగడం వాడికి చాలా పెద్ద మెట్టు. దాన్ని మూడు చిన్న మెట్లు చేయాల్సి వచ్చింది. ముందు పెద్ద కదలిక, అంటే నిలబడ్డ చోటే పది గెంతులు. తర్వాత బలం పెట్టే నెమ్మది కదలిక, అంటే పది లెక్కపెట్టేదాకా రెండు చేతులతో గోడనో బెంచీనో నెట్టడం. చివర కూర్చుని ఐదు లెక్కపెడుతూ ఊపిరి వదలడం. ఆ ఊపిరి అవుతుండగానే పలక చేతిలోకి వచ్చి, దాని మీద తర్వాతి ముక్కలోని మొదటి లెక్క అప్పటికే రాసి ఉండాలి. ఏం చేయాలో వెతుక్కునే ఖాళీ దొరికితే పిల్లవాడు ఆ ఖాళీలోకే జారిపోతాడు.

విరామం ఇవ్వాల్సిన సమయం కూడా మనం తరచుగా తప్పుతాం. తరగతి గోలగా మారాక "సరే, లేవండి" అంటే గోల చేస్తే లేవనిస్తారని పిల్లలు నేర్చుకుంటారు. విరామం ధ్యాస జారక ముందే, షెడ్యూల్లో ముందే కనిపిస్తూ రావాలి. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పని పూర్తి చేయనందుకు ఇంటర్వెల్‌కు పంపకపోవడం, డ్రిల్ పీరియడ్‌లో క్లాసులో కూర్చోబెట్టడం మన బళ్లలో మామూలు శిక్షలు. అందరికంటే ఎక్కువగా అవి పడేది ఈ పిల్లలకే. కదలిక ఎవరికి బాగా కావాలో వాళ్ల దగ్గరే దాన్ని లాక్కుంటున్నాం, ఆ తర్వాతి పీరియడ్‌లో ఎందుకు కుదురుగా లేరని తిడుతున్నాం.

విరామం కాని కదలిక ఒకటుంది, పనిలోనే కలిసిపోయేది. ఒక్కో లెక్కను ఒక్కో కాగితం చీటీ మీద రాసి గోడ పక్కన డబ్బాలో ఉంచుతాను. ఒక చీటీ చేసి, లేచి వెళ్లి, రెండో డబ్బాలో వేసి, కొత్త చీటీ తెచ్చుకోవాలి. దీంతో బోర్డు మీంచి ఎక్కించుకునే బాధ పోయింది. కళ్ల ముందు ఒక్క లెక్కే ఉంటుంది. ప్రతి రెండు నిమిషాలకు లేవడానికి న్యాయమైన కారణం దొరుకుతుంది. డబ్బాలు ఒకే చోట పెడితే తోపులాట అవుతుంది కాబట్టి గదికి రెండు వైపులా పెట్టాలి.

గోడ మీద కనిపించే సమయం

బొమ్మల షెడ్యూల్ పద్ధతి బాగా ప్రాచుర్యంలోకి వచ్చింది ఆటిజం ఉన్న పిల్లల చదువుతో. నార్త్ కరోలినాలోనే ఎరిక్ ష్కోప్లర్ నడిపిన టీచ్ అనే కార్యక్రమాన్ని 1972లో ఆ రాష్ట్రం అధికారికంగా చేపట్టింది. నోటి మాట గాలిలో కలిసిపోతుంది, బొమ్మ అక్కడే ఉంటుంది అన్నది దాని వెనకున్న ఆలోచన. ధ్యాస ఇబ్బంది ఉన్న పిల్లలకు ఇది ఇంకో రకంగా ఉపయోగం. వీళ్లకు సమయం గడుస్తున్నట్టు తెలియదు. "ఇంకా పది నిమిషాలుంది" అన్నా "ఇంకా గంట ఉంది" అన్నా వాళ్లకు వినిపించేది "ఇప్పుడప్పుడే అవదు" అనే. ఏడీహెచ్‌డీ మీద ఎన్నో ఏళ్లు పనిచేసిన రసెల్ బార్క్‌లీ చెప్పేదీ ఇదే. తలలో నిలవని సమయాన్ని, నియమాన్ని, తర్వాతి మెట్టును పని జరిగే చోటే కళ్లకు కనిపించేలా బయట పెట్టాలి అంటారాయన.

ఇక్కడ రోజంతటి టైమ్‌టేబుల్ గురించి మాట్లాడటం లేదు. అది ప్రతి గోడ మీదా ఉంటుంది, ఎవరూ చూడరు. ఇది ఒక్క పీరియడ్‌ది. కేలండర్ అట్ట వెనక ఆరు కార్డులు నిలువుగా, బట్టల క్లిప్పులతో పెడితే చాలు. ఒక్కో కార్డు మీద ఒక బొమ్మ, ఒక మాట. పుల్లల కట్ట బొమ్మ కింద "విప్పు", టిక్కు బొమ్మ కింద "కావాలా?", గెంతే పిల్ల బొమ్మ కింద "కదులు", చీటీ బొమ్మ కింద "చెయ్యి". ముక్క అయిపోగానే ఆ కార్డును తీసి కింద సంచీలో వేయాలి. ఎంత మిగిలిందో తరిగిపోతూ కనిపించడమే ఇందులో పనిచేసే భాగం. కదలని షెడ్యూల్ వారంలో గోడకు అలంకారం అయిపోతుంది. కార్డు తీసే పని ఆ అబ్బాయికే ఇచ్చాను. అది వాడికి మరో కదలిక కూడా.

సమయం చూపించడానికి ప్రత్యేకమైన గడియారం కొననక్కర్లేదు. గోడ గడియారం అద్దం మీద రంగు కాగితం ముక్కను సరిగ్గా ఏడు నిమిషాల మేర అంటించి, పెద్ద ముల్లు ఆ రంగు దాటితే ముక్క అయిపోయినట్టు అని చెప్పవచ్చు. ఎనిమిదేళ్ల పిల్లలు చాలామందికి గడియారం చదవడం రాదు, రంగు దాటడం మాత్రం తెలుస్తుంది. అయితే ఈ రంగును చూసి టెన్షన్ పడే పిల్లలూ ఉంటారు. లెక్క ఆపి ముల్లునే చూస్తుంటే ఆ పిల్లల కోసం దాన్ని తీసేయండి, కార్డులు చాలు.

గోడ మీది షెడ్యూల్ కూడా దూరమే అయిన పిల్లవాడికి బెంచీ మీద అరచేయంత అట్ట ఒకటి ఇవ్వాలి. దాని మీద రెండే గళ్లు, "ఇప్పుడు", "తర్వాత". పక్కగా వెళ్తూ "ఇప్పుడు" గడి మీద వేలు పెట్టి చూపించి ముందుకు వెళ్లిపోతాను. పేరు పెట్టి పిలవను. తరగతిలో రోజుకు పదిసార్లు తన పేరు గట్టిగా వినిపించే పిల్లవాడు కొన్నాళ్లకు ఆ పేరుకు చెవులు మూసేసుకుంటాడు. మిగతా పిల్లలకు అది వెక్కిరించే పేరవుతుంది.

హెడ్మాస్టర్ పిలిచారనో, మధ్యాహ్న భోజనం ముందే వచ్చిందనో పాఠం ఆగిపోవడం మన దగ్గర రోజూ ఉండేదే. అందుకే ఆశ్చర్యార్థకం గుర్తు వేసిన కార్డు ఒకటి ఉంచుకోవాలి. మార్పు వస్తే దాన్ని ఆ చోట పెట్టి, ఏ కార్డు రేపటికి వెళ్తోందో చూపించాలి. షెడ్యూల్ ఒకసారి మాట తప్పితే దాన్ని మళ్లీ నమ్మించడానికి చాలా రోజులు పడుతుంది.

ఆ 40 నిమిషాలు

ఇప్పుడు పాఠం మొత్తం. పిల్లలు రాకముందే ఇద్దరిద్దరికి ఐదు కట్టల చీపురు పుల్లలు, ఒక్కో కట్టలో పది, రెండు విడి పుల్లలు బెంచీల మీద ఉంటాయి. మొదటి మూడు నిమిషాలు కార్డులు చదవడం, 52 – 27 ని నేను ఒక్కసారి మాట్లాడకుండా చేసి చూపించడం. తర్వాత ఆరు నిమిషాలు పుల్లలు. 27 తీయమంటాను. రెండు కట్టలు తేలిగ్గా వస్తాయి, ఏడు విడి పుల్లలు రావు. చివరికి ఎవరో ఒకరు రబ్బరు బ్యాండు విప్పుతారు. మళ్లీ మొదట్నుంచి పెట్టించి, ఈసారి ఒక కట్ట విప్పి నాలుగు కట్టలు, 12 విడి పుల్లలు చూపించమంటాను. అదే ఆ ముక్కకు రుజువు. లేచి నిలబడి రెండు నిమిషాలు గెంతులు, చప్పట్లు. 43 అంటే నాలుగు గెంతులు, మూడు చప్పట్లు. పదులు, ఒకట్లు వాళ్లకు అప్పటికే వచ్చు కాబట్టి ఇది బరువు కాదు. కొత్త విషయాన్ని గెంతులతో నేర్పితే గెంతులే మిగులుతాయి.

ఆపైన ఏడు నిమిషాలు "కావాలా, వద్దా" పలకలు. మూడు నిమిషాలు పెద్ద విరామం, ఇందాక చెప్పిన మూడు మెట్లతో. అందరికీ కలిపి ఎనిమిది నిమిషాలు చీటీలు. 81 – 34, 60 – 23, 68 – 25, 75 – 48, మొత్తం నాలుగు. వీటిలో 68 – 25 కు అప్పు అక్కర్లేదు, కావాలనే కలిపాను. లేకపోతే ఆలోచించకుండా ప్రతిదానికీ అప్పు తెస్తారు. రెండు చీటీలే చేసినవాళ్లను తొందరపెట్టను. తర్వాత ఐదు నిమిషాలు జంటగా ఒక మాటల లెక్క. ఒకరు చెప్పాలి, ఇంకొకరు రాయాలి. చివరి మూడు నిమిషాల్లో ఆఖరి చీటీ, ఒక్క లెక్క. మిగిలిన మూడు నిమిషాలూ ముక్కకూ ముక్కకూ మధ్య పోతాయి. ఆ మూడు నిమిషాలను ప్లానులో రాసుకోని రోజు ఆఖరి చీటీకి సమయం ఉండదు.

ఇదంతా పనిచేస్తోందో లేదో "ఈ మధ్య బాగానే ఉంటున్నాడు" అనే మాటతో తెలియదు. ఫోన్‌ను రెండు నిమిషాలకోసారి జేబులో వైబ్రేట్ అయ్యేలా పెట్టుకోండి. అదిరినప్పుడల్లా ఆ పిల్లవాడి వైపు ఒక్క చూపు. ఇచ్చిన పని మీద ఉంటే టిక్కు, లేకపోతే గీత. పీరియడ్‌కు 20 చూపులు. అదే క్షణంలో తరగతిలో ఇంకో మామూలు పిల్లవాడి వైపు కూడా చూసి పక్కన గుర్తు పెట్టండి. ఆ రెండో వరస లేకపోతే లెక్కకు అర్థం లేదు. 20లో 9 టిక్కులు వచ్చాయనుకోండి. పక్క పిల్లవాడికి 16 ఉంటే అది వీడి ఇబ్బంది. పక్కవాడికీ 10 ఉంటే అది నా పాఠం ఇబ్బంది. ఏ మార్పూ చేయకముందు మూడు రోజులు ఇలా చూసి, తర్వాత ఒక్క మార్పే చేసి రెండు వారాలు చూడాలి. మూడూ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. నన్ను అడిగితే ముందు చీటీలతో మొదలుపెట్టండి, ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా కనిపిస్తుంది.

రెండు మూడు వారాలైనా టిక్కులు కదలకపోతే పాఠం బయట వెతకాలి. బోర్డు కనిపిస్తోందా, చెవి చీముతో మాట సగమే వినిపిస్తోందా, రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు, లెక్క నోటితో చేసి రాతలోనే ఆగిపోతున్నాడా? ఈ చివరిది అయితే అది అభ్యసన లోపం కావచ్చు. అభ్యసన లోపాలు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో విడిగా లేదు. అయితే పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన కేంద్ర కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే చూడాల్సిన సమస్యల్లో ఏడీహెచ్‌డీ ఉంది. దాని కింద జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటి సమస్యలను త్వరగా గుర్తించి సాయం చేసే డీఈఐసీ కేంద్రాలు ఉంటాయి, మండల స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లోని ప్రత్యేక టీచర్ల సాయం కూడా తీసుకోవచ్చు. అక్కడికి వెళ్లే తల్లిదండ్రుల చేతికి "వీడు వినడండీ" అనే మాట బదులు ఆ టిక్కుల కాగితం ఇచ్చి పంపండి. డాక్టర్‌కు బడిలో ఏం జరుగుతోందో తెలియడానికి దానికి మించిన ఆధారం దొరకదు.

ఇక ఆ ఆఖరి చీటీ. మొదట్లో నేను ఆఖరున కూడా 52 – 27 నే ఇచ్చేదాన్ని. అది తప్పు ఎంపిక అని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ అబ్బాయి రాసిన 35 రెండు వేర్వేరు దారుల్లో వస్తుంది. అప్పు సంగతే తోచక 7 లోంచి 2 తీసి 5 రాసినా 35 వస్తుంది. అప్పు తెచ్చి 12 లోంచి 7 తీసి, పదుల్లో 5 ని 4 చేయడం మరిచినా 35 వస్తుంది. ఒకరికి విషయమే అర్థం కాలేదు. మరొకరికి అర్థమైంది, నడుమ చేయి జారింది. చీటీ చూస్తే ఇద్దరూ ఒకటే. ఒకట్ల అంకెల మధ్య తేడా 5 ఉన్న ఏ లెక్కకైనా ఇదే చిక్కు.

అందుకే ఇప్పుడు 64 – 38 ఇస్తున్నాను. చీటీలు మూడు కుప్పలుగా పడతాయి. 26 రాసినవాళ్లు ముందుకు వెళ్తారు. 34 రాసినవాళ్లు 8 లోంచి 4 తీసేశారు, వాళ్లకు రేపు మళ్లీ పుల్లల కట్టలు, "కావాలా, వద్దా" పలకలు. 36 రాసినవాళ్లు అప్పు తెచ్చారు, పదుల్లో 6 ని 5 చేయడం మరిచారు. వీళ్లకు పుల్లలు మళ్లీ ఇస్తే విసుగు పుడుతుంది. వాళ్ల చీటీల మీద పదుల అంకె పైన ఒక చిన్న ఖాళీ గడి గీసి పెడతాను. ముందు 6 కొట్టి ఆ గడిలో 5 రాయాలి, ఆ తర్వాతే 4 పక్కన 1 పెట్టాలి. గుర్తుపెట్టుకోవాల్సింది కాగితం మీదికి వచ్చేస్తుంది.

ఆ మూడో బెంచీ అబ్బాయి మొదటి చీటీ 36 కుప్పలో ఉంది. వాడికి తీసివేత రాదని నేను రెండు వారాలు అనుకున్నాను.